బడి గాలిని కొలవండి, పిల్లల మార్కుల్ని కాదు

నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల్లో సముద్రపు ఒడ్డు బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. అటూఇటుగా అప్పుడే, జూన్ 14తో, 61 రోజుల వేట నిషేధమూ ముగుస్తుంది. పడవలు నీళ్లలోకి దిగుతాయి, ఇళ్లలో మళ్లీ డబ్బు ఆడుతుంది. అక్టోబరు దాటితే తుపానుల భయం. ఏప్రిల్ 15న వేట మళ్లీ ఆగుతుంది. ఈ తీరంలో ఏదో ఒక హైస్కూల్లో పిల్లలకు కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పారనుకుందాం. అది ఎంత ఫలించిందో లెక్క తేల్చాలంటే ముందుగా ఈ క్యాలెండరే అడ్డం వస్తుంది.

బడుల్లో సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు నేర్పాలన్న మాట ఇప్పుడు కొత్తదేమీ కాదు. ఢిల్లీ ప్రభుత్వం 2018లో ‘హ్యాపీనెస్ కరిక్యులమ్’ తెచ్చింది. ఆ దారిలోనే మన రాష్ట్రంలో ‘ఆనంద వేదిక’ వచ్చింది. పేర్లు మారినా సరుకు దాదాపు ఒకటే. తన మనసులో ఏముందో గుర్తించడం, దాన్ని అదుపు చేసుకోవడం, ఎదుటివాడి స్థితి ఊహించడం, తగవు తీర్చుకోవడం, ముందువెనుకలు చూసి నిర్ణయం తీసుకోవడం. అమెరికాలో 1994లో మొదలైన కాసెల్ అనే సంస్థ ఈ అయిదింటినీ ఒక చట్రంలో పెట్టింది.

నీతి బోధకూ దీనికీ తేడా ఉంది. ‘కోపం మంచిది కాదు’ అని చెప్పడం బోధ. ఇక్కడ చేయాల్సింది సాధన. తరగతిలో ఒక సన్నివేశం ఇస్తారు: వెనక బెంచీలో కూర్చునే యానాది అమ్మాయిని పక్క పిల్లలు జట్టులో చేర్చుకోలేదు. ఇద్దరు ఆ జట్టుగా, ఒకరు ఆ అమ్మాయిగా, ఒకరు చూస్తూ నిలబడినవాడిగా నటిస్తారు. తరవాత పాత్రలు మార్చుకుంటారు. చూస్తూ నిలబడినవాడు ఏం అనొచ్చో నాలుగు రకాలుగా చెప్పించి, అందులో ఒకటి నిజంగా పలికిస్తారు. వచ్చే వారం దాన్నే ఆటస్థలం తగవుకు వర్తింపజేస్తారు. మెట్టుమెట్టుగా, చేతలతో, దానికంటూ కేటాయించిన సమయంలో, ఏ నైపుణ్యమో స్పష్టంగా చెప్పి నేర్పినవే ఫలిస్తాయని 213 కార్యక్రమాలను కలిపి చూసిన 2011 నాటి అమెరికా విశ్లేషణ తేల్చింది. ఆ పిల్లల చదువు ఫలితాలు కూడా సగటున 11 పర్సెంటైల్ మెరుగయ్యాయని ఆ విశ్లేషణే చెప్పింది. ఈ సంఖ్యను ఊరూరా వల్లిస్తారు. నాలుగు షరతుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇక కొలత. ఎనిమిదో తరగతి పిల్లల చేతికి జూన్‌లో ఒక కాగితం ఇచ్చి, ‘కోపం వచ్చినా నన్ను నేను అదుపు చేసుకోగలను’ అన్న వాక్యానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయమన్నారనుకుందాం. ఒక కుర్రాడు నాలుగు వేశాడు. ఏడాది పాఠాలయ్యాక మార్చిలో అదే కాగితానికి మూడు వేశాడు. కార్యక్రమం విఫలమైందా? కాకపోవచ్చు. జూన్‌లో వాడికి తన కోపం సంగతే తెలియదు, ఇప్పుడు తెలిసింది. లేదా క్లాసులో తక్కినవాళ్లు నిదానించారు, వాళ్ల పక్కన తను దుడుకుగా కనిపిస్తున్నాడు. లేదా డిసెంబరు తుపాను ఇంటి పైకప్పు ఎత్తుకుపోయింది, ఆ దిగులు ఇంకా తీరలేదు. లేదా పరీక్షలు దగ్గర పడ్డాయి. మూడు నుంచి అయిదుకు పెరిగినా అంతే సందేహం: కాగితం సారుకి అందుతుందని వాడికి తెలుసు, సారుకి ఏ అంకె నచ్చుతుందో ఇంకా బాగా తెలుసు.

వీటిలో రెండో కారణం, చుట్టూ ఉన్నవాళ్లతో పోల్చుకోవడం, ఊహ కాదు. బోస్టన్‌లో ఎనిమిదో తరగతి పిల్లలపై మార్టిన్ వెస్ట్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమశిక్షణకు పేరున్న చార్టర్ స్కూళ్ల పిల్లలు పరీక్షల్లో ముందుకెళ్లారు గాని, ఆత్మనియంత్రణలో తమకు తాము తక్కువ అంకెలు వేసుకున్నారు. బడి పెట్టిన గీటురాయి పెరిగితే పిల్లవాడు తన దృష్టిలో తానే తగ్గుతాడు. అలాంటి అంకెలతో రెండు బడులను పోలిస్తే మంచి బడే ఓడిపోవచ్చు.

అందుకే పోలిక బడులు కావాలి: అదే తీరం, అదే వేట నిషేధం, అదే తుపాను, కార్యక్రమం మాత్రం లేని బడులు. 2021 నవంబరులో పెన్న వరద నెల్లూరు, కోవూరు ప్రాంతాల్ని ముంచిన ఏడాదిలో ‘ముందు, తరవాత’ లెక్క వేసి ఉంటే, అందులో వరద ఎంతో పాఠం ఎంతో ఎవరు విడదీయగలరు?

ఇలా పోలిక పెట్టి మన దేశంలో జరిగిన మంచి ప్రయోగం బిహార్‌లోని నలందా జిల్లాది. 74 ప్రభుత్వ హైస్కూళ్లను చీటీ తీసినట్టు మూడు వర్గాలు చేశారు. జీవన నైపుణ్యాల పాఠం మూడింటిలోనూ ఉంది, అది అప్పటికే ప్రభుత్వం నడుపుతున్నదే. ఒక వర్గంలో అదొక్కటే. రెండో వర్గంలో బడి మొత్తాన్ని కలుపుకునే కార్యక్రమాన్ని అదే బడి ఉపాధ్యాయుడికి అప్పగించారు: గోడపత్రిక, ఫిర్యాదుల పెట్టె, ప్రార్థన సమయంలో చర్చ, పిల్లలతో ఏకాంతంగా మాట్లాడటం. మూడో వర్గంలో అదే పని శిక్షణ పొందిన ఒక స్థానిక యువకుడో యువతో చేశారు, వాళ్లకు అదే ఉద్యోగం. ఫలితాలు 2018లో ‘లాన్సెట్’లో వచ్చాయి. మూడో వర్గంలో బడి వాతావరణం బాగా మెరుగైంది, వేధింపులు, కొట్లాటలు, కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. ఉపాధ్యాయుడికి అప్పగించిన బడుల్లో, పాఠం ఒక్కటే ఉన్న బడులతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు.

పాఠ్యాంశం అదే, కాగితాలూ అవే. మారినదల్లా చేసే మనిషి. దీన్ని ఉపాధ్యాయుల మీద తీర్పుగా చదవకూడదు. హాజరు యాప్‌లో ఎక్కించి, భోజనం ఫొటో తీసి, సిలబస్ తరుముతుంటే పరుగెత్తే మనిషి నెత్తిన ఇంకో పని పెడితే అది రిజిస్టరులో జరుగుతుంది. పైగా మార్కులు వేసే చేతికి ఏ పిల్లా తన గుట్టు అప్పగించదు. బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా పిల్లలతో చేసిన ‘మిరియడ్’ ప్రయోగం కథా ఇంచుమించు ఇదే. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించారు. మామూలు పాఠాల కంటే మేలేమీ జరగలేదని 2022లో తేలింది. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చేయలేదు.

నలందా వాళ్లు అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ‘నువ్వెలాంటివాడివి’ అని కాకుండా ‘నీ బడి ఎలాంటిది’ అని అడగడం. ఇక్కడ నీ మాట వింటారా, ఇది నీ చోటు అనిపిస్తుందా అన్నవి. అదీ పిల్లలు చెప్పిన మాటే కాబట్టి సందేహాలకు అతీతం కాదు. అయినా అందులో పిల్లవాడు తనను తాను పొగుడుకోవాల్సిన పని లేదు, సాక్ష్యం చెబితే చాలు.

మన దగ్గర గాలి అటు వీయడం లేదు. 2020 జాతీయ విద్యావిధానం ప్రోగ్రెస్ కార్డులో పిల్లల స్వీయ మూల్యాంకనం, తోటివారి మూల్యాంకనం కూడా ఉండాలంది. ఉద్దేశం మంచిదే. కానీ అదే అంకె ఇంటికి వెళ్లి, నాన్న సంతకంతో తిరిగొచ్చేదయితే, ‘నాకు కోపం ఎక్కువ’ అని ఏ పిల్లవాడు రాస్తాడు? తోటివాడి కార్డులో ఎవడు నిజం రాస్తాడు? ఎదుగుదలకు వాడే కొలతనూ మార్కులకు వాడే కొలతనూ కలిపితే రెండూ చెడతాయి.

జిల్లా విద్యాశాఖ చేయదలిస్తే తీర మండలాల్లో ఇరవై బడులు చాలు. పదింటిలో ముందు మొదలుపెట్టి, మిగతా పదింటిలో మరుసటి ఏడాది, రెండోసారి కొలిచాక మొదలుపెట్టాలి. ఏ పది ముందన్నది లాటరీ తేల్చాలి. రెండు బడులకు ఒకరు చొప్పున ఆ ఊళ్లకే చెందిన డిగ్రీ చదివిన యువతను, ఈ పని తప్ప వేరే పని అప్పగించకుండా, జీతమిచ్చి నియమించాలి. పేర్లు రాయని కాగితాన్ని బయటివాళ్లు వచ్చి పంచి, బయటికే తీసుకెళ్లాలి. తుపాను నెలలూ పరీక్షల నెలా వదిలేసి, ఆగస్టులో ఒకసారి, మరుసటి ఆగస్టులో ఒకసారి అడగాలి. మధ్యలో బడి మానేసిన వాళ్లెవరో, పనుల కోసం ఊరొదిలిన యానాది కుటుంబాల పిల్లలు ఎందరో వేరుగా లెక్కపెట్టాలి. లేదంటే కష్టాల్లో ఉన్న పిల్లలు జాబితాలోంచి జారిపోతారు, ఉన్నవాళ్ల సగటు దానంతటదే పెరుగుతుంది, దాన్ని విజయమని రాసుకుంటారు.