మినిమం డ్యూ పక్కనే వడ్డీని రూపాయల్లో చూపించండి

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి,

పల్నాడులో వడ్డీ అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలన్న లెక్కే. నోటు రాసి అప్పు తెచ్చుకున్న మాచర్ల మిర్చి రైతుకు, తెచ్చిన రోజు నుంచే వడ్డీ నడుస్తుందని ముందే తెలుసు. క్రెడిట్ కార్డు వాడేవారికి మాత్రం ఆ సంగతి గడువు దాటాక, తర్వాతి బిల్లు చూస్తే గానీ తెలియడం లేదు. నా అభ్యంతరం అక్కడే.

గురజాలలో ఒకరు జూన్ 12న కార్డు మీద 20,000 రూపాయల ఫ్రిజ్ కొన్నారనుకుందాం. జులై 10న బిల్లు వచ్చింది, గడువు జులై 30. ఆలోగా మొత్తం కడితే వడ్డీ ఉండదు. ఆయన గడువు రోజున 19,000 కట్టి వెయ్యి ఆపారు. ఆ వెయ్యికే వడ్డీ పడుతుందని, మహా అయితే నలభై రూపాయలని అనుకుంటారు. కానీ బాకీ మిగిలితే వడ్డీ లేని గడువే రద్దవుతుంది. నూటికి మూడున్నర చొప్పున, అంటే ఏడాదికి 42 శాతం లెక్కన, పూర్తి 20,000కు కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా 48 రోజులకు సుమారు 1,105 రూపాయల వడ్డీ పడుతుంది. అక్కడి నుంచి ఆగస్టు 10 బిల్లు దాకా మిగిలిన వెయ్యికి మరో 13. ఈ రెండు వడ్డీల మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే మొత్తం 1,318. ఆపింది వెయ్యి, పడింది అంతకు మించి.

అదే మనిషి మినిమం డ్యూ, అంటే బాకీలో 5 శాతం చొప్పున వెయ్యి మాత్రమే కట్టారనుకోండి. లేట్ ఫీజు తప్పుతుంది, గడువు దాటిన కారణంగా సిబిల్ స్కోరు దెబ్బతినదు. కానీ వడ్డీ, జీఎస్టీ కలిసి 1,587 అవుతాయి. వెయ్యి కట్టాక కూడా బాకీ 20,587కు చేరుతుంది. పైగా మొత్తం తీర్చేదాకా కొత్త కొనుగోళ్లకూ మొదటి రోజు నుంచే వడ్డీ. మినిమం డ్యూ కడుతున్నా బాకీ పెరిగిపోకూడదని 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది రిజర్వు బ్యాంకే. మొదటి నెలలో జరుగుతున్నది దానికి విరుద్ధంగానే ఉంది.

వాడుకున్న రోజులకు వడ్డీ అడగడం తప్పా అని బ్యాంకులు అంటాయి. తప్పు కాదు. వడ్డీ 30 శాతం దాటకూడదన్న వినియోగదారుల కమిషన్ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కాబట్టి, రేటు తగ్గించమని ఈ లేఖలో అడగడం లేదు. షరతుల్లో అంతా రాశామని కూడా బ్యాంకులు చెబుతాయి. మినిమం మాత్రమే కడుతూ పోతే బాకీ ఏళ్ల తరబడి సాగుతుందన్న హెచ్చరిక బిల్లు మీద ఉన్నమాట నిజమే. అయితే ఈ నెల ఎన్ని రూపాయలు పడతాయో అందులో ఉండదు. ఎవరు ఎప్పుడు ఎంత కడతారో ముందే ఎలా తెలుస్తుందన్నది ఇంకో అభ్యంతరం. కానీ గడువు రోజున మినిమం మాత్రమే కట్టారనుకుని లెక్క వేయడానికి కావలసిన తేదీలు, మొత్తాలు అన్నీ బిల్లు తయారయ్యే నాటికే బ్యాంకు దగ్గర ఉంటాయి.

అందుకే మినిమం డ్యూ అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, తెలుగు కోరినవారికి తెలుగులో ఈ వరుస తప్పనిసరి చేయండి: "ఇంతే కడితే వచ్చే బిల్లులో వడ్డీ, జీఎస్టీ కలిపి సుమారు 1,587 రూపాయలు, బాకీ 20,587."

ఇట్లు,
నరసరావుపేట నుంచి ఒక కార్డుదారు