మోకాలు వాచాక కాదు... వాచకముందే ఫ్యాక్టర్!

హీమోఫీలియా ఉన్న పిల్లవాడిని ఆసుపత్రికి ఎప్పుడు తీసుకొస్తారు? మోకాలు వాచి, కాలు కింద పెట్టలేక ఏడుస్తున్నప్పుడు. అప్పుడు ఫ్యాక్టర్ ఎక్కిస్తారు, వాపు తగ్గుతుంది, ఇంటికి పంపేస్తారు. మళ్లీ వాచాక మళ్లీ రావాలి. మన దగ్గర చాలాచోట్ల ఇప్పటికీ చికిత్స అంటే ఇదే. తీవ్రమైన హీమోఫీలియా ఉన్న పిల్లలకు ఈ పద్ధతి ఇక వద్దని నా అభిప్రాయం. అందుకు అడ్డంకిగా చూపే ఖర్చు లెక్క కూడా అనుకున్నంత గట్టిది కాదు.

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఎనిమిదో ఫ్యాక్టర్ లోపిస్తే హీమోఫీలియా-ఎ, తొమ్మిదోది లోపిస్తే హీమోఫీలియా-బి. ఉండాల్సిన దానిలో ఒక శాతం కూడా లేకపోతే దాన్ని తీవ్రమైన దశ అంటారు. ఈ పిల్లలకు దెబ్బ తగలనక్కర్లేదు, నడుస్తుండగానే మోకాల్లోనో, మడమ కీలులోనో, మోచేతిలోనో రక్తం ఊరుతుంది. అదే ఒకటి నుంచి ఐదు శాతం ఉన్నవారిలో ఇలా దానంతటది కీళ్లలో రక్తస్రావం కావడం చాలా తక్కువ. ఈ తేడా ఆధారంగానే స్వీడన్ వైద్యులు 1958లో తీవ్రమైన రోగులకు ముందుగానే ఫ్యాక్టర్ ఇచ్చి, వారి స్థాయిని ఒక శాతం పైన నిలపడం మొదలుపెట్టారు. దీన్నే ప్రొఫైలాక్సిస్ అంటారు.

కీలులోకి ఒకసారి రక్తం వస్తే ఏమవుతుంది? అందులోని ఇనుము కీలు లోపలి పొరను రేపుతుంది. పొర ఉబ్బుతుంది, దానిలో కొత్తగా పలచని రక్తనాళాలు పుడతాయి, అవి ఇంకా తేలిగ్గా చిట్లుతాయి. అందుకే ఒకసారి వాచిన మోకాలే పదే పదే వాస్తుంది. ఆర్నెల్లలో ఒకే కీలులో మూడుసార్లు రక్తస్రావమైతే అది ‘టార్గెట్ జాయింట్’ అయినట్టే. తర్వాత ఎంత ఫ్యాక్టర్ ఎక్కించినా అరిగిన మృదులాస్థి తిరిగి రాదు. అమెరికాలో రెండున్నరేళ్లలోపు పిల్లలపై చేసిన అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరేళ్ల వయసులో ఎంఆర్ఐ తీసి చూస్తే, ముందుగానే ఫ్యాక్టర్ తీసుకున్నవారిలో 93 శాతం మందికి కీళ్లు బాగున్నాయి. రక్తస్రావం అయ్యాక తీసుకున్నవారిలో 55 శాతం మందికే.

ఇక ఖర్చు లెక్క చూద్దాం. ఇరవై కిలోల పిల్లవాడు, తీవ్రమైన హీమోఫీలియా-ఎ. కిలోకు ఒక యూనిట్ ఇస్తే ఎనిమిదో ఫ్యాక్టర్ రెండు శాతం పెరుగుతుంది. మోకాలు వాచినప్పుడు దాన్ని 40 శాతానికి తేవాలంటే 400 యూనిట్లు కావాలి. అంటే 500 యూనిట్ల వయల్ ఒకటి తెరవాలి. మర్నాడు ఇంకొకటి. రెండు వారాలకొకసారి మోకాలో మడమో వాచే పిల్లవాడికి ఏడాదిలో 26 సార్లు, సారికి వెయ్యి చొప్పున 26,000 యూనిట్లు. ఇదే పిల్లవాడికి వారానికి రెండుసార్లు 250 యూనిట్ల చిన్న వయల్ ముందుగానే ఇస్తే? ఏడాదికి 104 వయల్స్, మొత్తం అవే 26,000 యూనిట్లు. మొదటి లెక్కలో ఫ్యాక్టర్ కుంటుతున్న కాలికి చేరుతోంది, రెండో లెక్కలో బాగున్న కాలికి. మొదటి దానిలో బస్సు చార్జీలు, తండ్రి పోగొట్టుకున్న కూలి, పిల్లవాడు మానేసిన బడి రోజులు నేను కలపనే లేదు.

ఈ చిన్న డోసుకు పరిమితి ఉంది, దాచాల్సిన పనిలేదు. 250 యూనిట్లతో స్థాయి 25 శాతానికి లేస్తుంది. ఎనిమిదో ఫ్యాక్టర్ సుమారు పన్నెండు గంటలకోసారి సగమవుతుంది, పిల్లల్లో ఇంకాస్త త్వరగా. లెక్కవేస్తే రెండున్నర రోజులకు ఒక శాతం కిందికి దిగుతుంది. అంటే తర్వాతి ఇంజెక్షన్ ముందురోజు రక్షణ పలచగా ఉంటుంది. డబ్బున్న దేశాల్లో కిలోకు 25 నుంచి 40 యూనిట్లు వారానికి మూడుసార్లు ఇచ్చేది అందుకే. అయినా ఏమీ ఇవ్వకపోవడం కంటే ఇది ఎంతో మేలు. ఇంజెక్షన్‌ను బడిలో ఆటల పీరియడ్ ఉన్న రోజు ఉదయానికి పెట్టుకుంటే ఇంకా మేలు. ఇంట్లో ఫ్రిజ్, నరం దొరకబుచ్చుకోవడం నేర్చుకున్న తల్లి, నెలకు సరిపడా వయల్స్ చేతికిచ్చే ఆసుపత్రి... ఈ మూడూ ఉంటే చాలు. కష్టమైంది మూడోదే.

క్రమం తప్పకుండా ఇస్తున్నా ఒక్కోసారి ఫ్యాక్టర్ పనిచేయడం మానేస్తుంది. శరీరం దాన్ని పరాయిదిగా భావించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. వీటినే ఇన్హిబిటర్లు అంటారు. తీవ్రమైన హీమోఫీలియా-ఎలో నలుగురిలో ఒకరికి లేదా ఇంకాస్త ఎక్కువమందికి ఇవి వస్తాయి, చాలావరకు మొదటి యాభై డోసుల లోపే. గుర్తుపట్టడం ఎలా? ఎప్పుడూ ఒక డోసుకు తగ్గే వాపు ఈసారి రెండు మూడు డోసులకూ తగ్గకపోవడమే మొదటి సంకేతం. అప్పుడు ‘కంపెనీ మార్చండి’, ‘డోసు పెంచండి’ అనడం కాదు, బెథెస్డా పరీక్ష చేయించాలి. హీమోఫీలియా-బి పిల్లల్లో ఇన్హిబిటర్ తీవ్రమైన అలర్జీ రూపంలోనూ బయటపడొచ్చు, కాబట్టి వాళ్లకు తొలి పది ఇరవై డోసులు ఆసుపత్రిలోనే ఇవ్వాలి.

ఇన్హిబిటర్ వచ్చిన హీమోఫీలియా-ఎ పిల్లల బతుకును మార్చింది ఎమిసిజుమాబ్. ఇది ఎనిమిదో ఫ్యాక్టర్ కాదు, అది చేయాల్సిన పనిని తాను చేసిపెట్టే యాంటీబాడీ. నరంలోకి కాదు, చర్మం కింద ఇస్తారు. మొదటి నాలుగు వారాలు వారానికోసారి, ఆ తర్వాత వారానికో, పదిహేను రోజులకో, నెలకో. హీమోఫీలియా-బిలో ఇది పనిచేయదు. ఇది వాడుతున్నవారు రెండు సంగతులు ఏ డాక్టరుకైనా ముందే చెప్పాలి. ఒకటి, ఏపీటీటీ పరీక్ష నార్మల్‌గా వస్తుంది గానీ అది నిజం కాదు. ఆ కాగితం చూసి పన్ను పీకినా, ఆపరేషన్ చేసినా ప్రమాదం. రెండు, ఇన్హిబిటర్ ఉన్నవారికి రక్తస్రావం ఆపడానికి వాడే ఫీబా మందును దీనితో కలిపి పెద్ద డోసుల్లో ఇచ్చినప్పుడు రక్తనాళాల్లో గడ్డలు కట్టిన కేసులున్నాయి. ఆఖరి ఇంజెక్షన్ తర్వాత కూడా నెలల తరబడి ఇది ఒంట్లో ఉంటుంది.

‘ఇవన్నీ ఎందుకండీ, జీన్ థెరపీ వస్తోందటగా’ అని అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు ఎక్కువయ్యారు. నిజమే, వచ్చింది. హీమోఫీలియా-బికి 2022లో అమెరికా అనుమతించిన మందు ధర 35 లక్షల డాలర్లు. హానిచేయని వైరస్‌లో సరైన జన్యువును పెట్టి కాలేయంలోకి పంపుతారు. అయితే ఆ రకం వైరస్‌కు ముందే యాంటీబాడీలు ఉన్నవారిలో చికిత్స పట్టకపోవచ్చు. హీమోఫీలియా-ఎలో ఫ్యాక్టర్ స్థాయి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతోంది. పెరిగే పిల్లల్లో కాలేయ కణాలు విభజిస్తూ ఉంటాయి కాబట్టి ఎక్కించిన జన్యువు పలచబడుతుంది. అందుకే ఇవి పెద్దవారికి మాత్రమే. మన వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు మరో దారి పట్టారు. రోగి మూలకణాలనే బయటికి తీసి, వాటిలో జన్యువు చేర్చి తిరిగి ఎక్కించారు. ఐదుగురికీ ఆ తర్వాత పరిశీలించినంత కాలం రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రకటించారు. గర్వించదగ్గ పనే. కానీ ఐదుగురే, అందరూ పెద్దవాళ్లే, పైగా ముందుగా ఎముక మజ్జను ఖాళీ చేసే కీమోథెరపీ తప్పలేదు.

ఈ చికిత్సల్లో ఏదీ ఇప్పటికే అరిగిపోయిన మోకాలిని బాగుచేయదు. ఇవాళ ఆరేళ్లున్న పిల్లవాడు జీన్ థెరపీకి అర్హుడయ్యే వయసుకు రావాలంటే కనీసం పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో వాడికి కావాల్సింది వారానికి రెండు చిన్న వయల్స్, ఏడాదికోసారి ఇన్హిబిటర్ పరీక్ష. ఈసారి ఫ్యాక్టర్ కోసం వెళ్లినప్పుడు, గత ఏడాదిలో ఎన్నిసార్లు, ఏ కీలు వాచిందో, ఎన్ని యూనిట్లు ఎక్కించారో రాసిన కాగితం తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. పైన వేసిన లెక్క మీ పిల్లవాడి బరువుతో వాళ్ల ఎదుటే వేయించండి.