బంగారం దిగాలంటే వడ్డీ పెరిగితే చాలదు

వడ్డీ రేట్లు పెరిగితే బంగారం ధర తగ్గుతుందని తరచూ వింటుంటాం. అందులో సగమే నిజం. బంగారాన్ని కిందికి లాగేది బ్యాంకు బోర్డు మీద కనిపించే వడ్డీ కాదు. అందులోంచి ద్రవ్యోల్బణాన్ని తీసేస్తే మిగిలే వడ్డీ. దీన్నే వాస్తవ వడ్డీ రేటు అంటారు.

లక్ష రూపాయలు ఏడు శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారనుకుందాం. ఏడాదికి లక్షా ఏడు వేలు చేతికొస్తాయి. ఈలోగా లక్షకు వచ్చే సరుకులు లక్షా ఎనిమిది వేలైతే, వడ్డీ వచ్చినా మనం నష్టపోయినట్టే. వాస్తవ వడ్డీ మైనస్ ఒక శాతం. ధరలు నాలుగు శాతమే పెరిగితే అదే డిపాజిట్ మీద నిజంగా మిగిలేది మూడు శాతం. బీరువాలోని బంగారం రెండు సందర్భాల్లోనూ పైసా వడ్డీ తేదు. మొదటి సందర్భంలో ఆ లోటు ఎవరికీ పట్టదు, ఎందుకంటే డిపాజిట్ కూడా మిగిల్చేదేమీ లేదు. రెండో సందర్భంలో మాత్రం బంగారం పట్టుకుని కూర్చున్నవాడు ఏటా మూడు శాతం వదులుకుంటున్నాడు.

ప్రపంచ మార్కెట్లో బంగారం ధర డాలర్లలో నిర్ణయమవుతుంది. కాబట్టి ఎక్కువ ప్రభావం చూపేది అమెరికా వాస్తవ వడ్డీయే. దాన్ని అంచనా కట్టే పని కూడా లేదు. అమెరికా ప్రభుత్వం ద్రవ్యోల్బణాన్ని బట్టి అసలు పెరిగే బాండ్లను అమ్ముతుంది. వాటి మీద వచ్చే రాబడే వాస్తవ వడ్డీ.

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో 2013 స్పష్టంగా చూపించింది. ఆ ఏడాది మొదట్లో పదేళ్ల బాండు మీద వాస్తవ రాబడి మైనస్ 0.7 శాతం దగ్గర ఉంది. ఔన్సు బంగారం సుమారు 1,670 డాలర్లు. మే 22న ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ బెన్ బెర్నాంకీ, నెలనెలా చేస్తున్న బాండ్ల కొనుగోళ్లను తగ్గించే అవకాశముందని అమెరికా కాంగ్రెస్ కమిటీకి చెప్పారు. ఫెడ్ వడ్డీ రేటు ఒక్క అర పాయింటు కూడా పెరగలేదు, 2015 డిసెంబరు దాకా సున్నా దగ్గరే ఉంది. అయినా బాండ్ల రాబడి ఎగబాకింది, సంవత్సరాంతానికి వాస్తవ వడ్డీ ప్లస్ 0.7 శాతం దరిదాపులకు చేరింది. బంగారం సుమారు 1,200 డాలర్లకు పడిపోయింది.

ఒకటిన్నర శాతం కూడా లేని మార్పుకు అంత పతనమా అనిపించవచ్చు. పదేళ్ల లెక్క వేసి చూడండి. బంగారం పదేళ్ల తర్వాత ఈనాటి వెయ్యి డాలర్ల కొనుగోలు శక్తిని ఇస్తుందని అందరూ నమ్ముతున్నారనుకుందాం. ఏటా 0.7 శాతం తరిగిపోయే బాండుతో అదే వెయ్యి సంపాదించాలంటే ఇవాళ 1,073 డాలర్లు పెట్టాలి. కాబట్టి బంగారానికీ అంత పెట్టడం నష్టం కాదు. 0.7 శాతం పెరిగే బాండయితే 933 చాలు. అప్పుడు బంగారానికి అంతకంటే ఎక్కువ ఎందుకివ్వాలి? ఈ ఒక్క లెక్కతోనే ధర 13 శాతం తగ్గాలి. వాస్తవంలో పతనం దానికి రెట్టింపైంది, ఎందుకంటే ధర పడుతున్నకొద్దీ ఫండ్లు భయపడి అమ్మేశాయి. అన్నిటికంటే పెద్ద గోల్డ్ ఈటీఎఫ్ దగ్గర ఏడాది మొదట్లో సుమారు 1,350 టన్నులుంటే, చివరికి మిగిలింది 800 టన్నులు.

మన కొనుగోలుదారుకు ఆ పతనం పూర్తిగా అందలేదు. అదే ఏడాది రూపాయి డాలరుకు 55 దగ్గర నుంచి ఆగస్టులో 69 దాకా జారింది. దిగుమతి సుంకం నాలుగు నుంచి పది శాతానికి పెరిగింది. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు చూసి బంగారం ధర ఊహించేవారు ఈ రెండింటినీ మరిచిపోతారు.

సూత్రానికి హద్దులూ ఉన్నాయి. 2023 నుంచి అమెరికా వాస్తవ వడ్డీ రెండు శాతం అటూఇటూగా ఉన్నా బంగారం పెరుగుతూనే పోయి, 2025 అక్టోబరులో 4,000 డాలర్లు దాటింది. నా దృష్టిలో దీనికి ముఖ్య కారణం కొత్త కొనుగోలుదారు రావడమే. 2022లో రష్యా విదేశీ నిల్వల్లో సుమారు 30 వేల కోట్ల డాలర్లను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. అప్పటి నుంచి వరసగా మూడేళ్లు కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. తమ నిల్వలకు ఎవరూ తాళం వేయకూడదనుకునే ప్రభుత్వానికి రెండు శాతం వడ్డీ పెద్ద ఆకర్షణ కాదు. వడ్డీ లెక్క చూసుకుని కొనే ఫండ్లు, మదుపరులు ఇప్పటికీ ఉన్నారు. వారికంటే బరువైన చేయి తక్కెడలో పడింది, అంతే.

పెళ్లికి నగలు కొనేవారికి ఈ లెక్కలు అంతగా అక్కర్లేదు. పొదుపు సొమ్ము బంగారంలో పెట్టేవారు మాత్రం వారానికొకసారైనా సెయింట్ లూయిస్ ఫెడ్ వెబ్‌సైట్‌లో DFII10 అని వెతికి, పదేళ్ల వాస్తవ వడ్డీ ఎటు కదులుతోందో చూడాలి. పక్కనే రూపాయి మారకం, దిగుమతి సుంకం, కేంద్ర బ్యాంకుల కొనుగోళ్లు కూడా చూసుకున్నాకే డబ్బు తీయండి.