మందు ఇంటిపేరు చివర ఉంటుంది

సింగరేణిలో డ్యూటీ చేసినన్నాళ్లూ బీపీ గోళీ పేరు తెలుసుకోవాల్సిన అవసరం పెద్దగా రాదు. డిస్పెన్సరీ ఒకటే, కౌంటర్ ఒకటే, నెలనెలా చేతికొచ్చే గోళీ కూడా చాలాసార్లు ఒకటే. చిక్కంతా రిటైరయ్యాక మొదలవుతుంది. గోదావరిఖనిలో క్వార్టర్ ఖాళీ చేసి కొందరు సొంతూరికి పోతారు, కొందరు హైదరాబాదులో కొడుకు దగ్గరికి చేరతారు. ఊళ్లో సర్కారు దవాఖానలో ఒక షీటు ఇస్తారు. కరీంనగర్‌లో గుండె డాక్టరు ఇంకోటి రాస్తాడు. జనఔషధి దుకాణంలో చవకగా దొరికింది మూడోది. మూడింటి మీదా మూడు పేర్లు ఉంటాయి. సంచిలో మూడు రకాల మందులున్నాయని మనిషి నమ్ముతాడు. ఒకే మందు మూడుసార్లు ఉందేమోనన్న అనుమానం ఎవరికీ రాదు.

షీటు మీద పెద్ద రంగుల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది కంపెనీ పెట్టుకున్న పేరు. అది ఎవరిష్టం వారిది. దాని పక్కనే మందు అసలు పేరు ఉంటుంది. ఆ పేర్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950ల నుంచి ఒక పద్ధతి ప్రకారం ఖాయం చేస్తోంది. ఒకే విధంగా పనిచేసే మందులకు చాలావరకు పేరు చివర ఒకే ముక్క తగిలిస్తారు. మన ఇంటిపేరు ముందుంటే, మందు ఇంటిపేరు చివర ఉంటుంది. మన దేశంలో 2018లో వచ్చిన నిబంధన ప్రకారం ఈ అసలు పేరు కంపెనీ పేరుకంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి. మూడు, అంతకుమించి మందులు కలిపిన గోళీలకు మాత్రం ఆ నియమం వర్తించదు. బీపీకి అలాంటి గోళీలు చాలానే ఉన్నాయి కాబట్టి, వాటి మీది సన్న అక్షరాలను ఇంట్లో ఎవరి చేతనైనా చదివించుకోవాలి. ఇంకో మాట: షాపులో షీటును కత్తిరించి పది గోళీలు ఇచ్చినప్పుడు పేరు అవతలి ముక్కలో ఉండిపోతుంది. పేరున్న ముక్కనే ఇవ్వమని అడగండి.

బీపీ మందుల్లో ముఖ్యంగా గుర్తుపట్టాల్సిన ఇంటిపేర్లు నాలుగైదే. వాటిలో ‘ప్రిల్’ గురించి బొగ్గుబాయి మనుషులు అందరికంటే ముందు తెలుసుకోవాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అన్నీ ఈ ఇంటివే. ఇంగ్లీషులో చివరి నాలుగు అక్షరాలు పి, ఆర్, ఐ, ఎల్. ఈ కుటుంబం పుట్టుక ఒక పాము విషంలో ఉంది. బ్రెజిల్‌లోని జరరాక అనే రక్తపింజరి జాతి పాము విషం మన ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం బలాన్ని పెంచుతుందని 1965లో సెర్జియో ఫెరీరా చూపించాడు. ఆ దారిలో సాగిన పరిశోధన నుంచే కాప్టోప్రిల్ పుట్టి, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేసే ఎంజైమును ప్రిల్ మందు ఆపేస్తుంది, బీపీ దిగుతుంది. కానీ బ్రాడికైనిన్‌ను విరగ్గొట్టే పని కూడా ఆ ఎంజైముదే. అది ఆగిపోయేసరికి బ్రాడికైనిన్ ఊపిరితిత్తుల్లో పోగుపడి గొంతును గిలిగింతలు పెడుతుంది. తెమడ లేని పొడి దగ్గు పట్టుకుంటుంది. అందరికీ రాదు. వచ్చినవాళ్లకు మాత్రం నిద్ర ఉండదు.

దగ్గు ఎక్కడైనా దగ్గే. మన దగ్గర మాత్రం దానికి ముందే ఒక కారణం రాసిపెట్టి ఉంటుంది. ముప్పై ఏళ్లు బాయిలో దిగినవాడు దగ్గితే ఇంటివాళ్లు దుమ్మనే అంటారు, పక్కింటివాళ్లు బీడీ అంటారు, ఒక్కోసారి డాక్టరు కూడా అదే అనుకుంటాడు.

యైటింక్లైన్ కాలనీలో నాకు తెలిసిన ఒక పెద్దమనిషి కథ అట్లాగే నడిచింది. బొగ్గు నింపే పని చేసి రిటైరైనవాడు. బీపీకి రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు రోజూ వేసుకుంటున్నాడు. మొదలుపెట్టిన రెండో నెలలో దగ్గు వచ్చింది. ఎక్స్‌రే తీస్తే కొత్తగా ఏమీ కనిపించలేదు. దగ్గు సీసాలు తాగాడు, ఒకసారి యాంటీబయాటిక్ కోర్సు కూడా అయింది. గోళీ మీదికి ఎవరి చూపూ పోలేదు, ఎందుకంటే బీపీ బాగానే ఉంది. ఇంతలో బిడ్డ దగ్గరికి వేరే పట్నం పోయినప్పుడు అక్కడి డాక్టరు పరీక్ష చేసి, బీపీ కాస్త ఎక్కువుందని టెల్మిసార్టాన్ 40 రాశాడు. పాత మందులేమిటని డాక్టరు అడిగితే ఈయన ‘ఒక ఎర్ర గోళీ’ అన్నాడు. ఇంటికొచ్చి రెండూ వేసుకోవడం మొదలుపెట్టాడు. పేర్లు వేరు, రంగులు వేరు, కాబట్టి మందులూ వేరే అనుకున్నాడు.

‘సార్టాన్’ రెండో ఇంటిపేరు. లోసార్టాన్, టెల్మిసార్టాన్, ఓల్మెసార్టాన్ దీనివే. ప్రిల్ ఏ పదార్థాన్ని తయారుకాకుండా ఆపుతుందో, సార్టాన్ ఆ పదార్థాన్నే పనిచేయనివ్వకుండా ఆపుతుంది. ఒకే దారికి రెండు చోట్ల అడ్డం పెట్టడమన్నమాట. రెండూ కలిపితే మేలు రెట్టింపవుతుందని ఒకప్పుడు డాక్టర్లు కూడా ఆశపడ్డారు. పాతిక వేలకు పైగా రోగులతో, సరిగ్గా ఈ రామిప్రిల్, టెల్మిసార్టాన్లనే తీసుకుని ఆన్‌టార్గెట్ అనే పెద్ద అధ్యయనం చేశారు. 2008లో ఫలితం వచ్చింది. రెండూ కలిపి వాడినవాళ్లకు గుండెపోట్లు, పక్షవాతం అదనంగా ఏమీ తగ్గలేదు. కళ్లు తిరగడం, పొటాషియం పెరగడం, కిడ్నీలు దెబ్బతినడం మాత్రం పెరిగాయి. అప్పటి నుంచి ఈ రెంటినీ జోడించకూడదన్నదే వైద్యుల మాట.

మన పెద్దమనిషికీ అదే జరిగింది. పొద్దున మంచం మీంచి లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి. రక్తపరీక్షలో పొటాషియం 5.8 వచ్చింది, 5 దాటితేనే జాగ్రత్తపడాలి. క్రియాటినిన్ కూడా అంతకుముందుకంటే పెరిగింది. ఈసారి షీట్లు రెండూ తీసుకుపోయి డాక్టరు ముందు పెట్టాడు. డాక్టరు పేర్ల చివరలు చూసి రామిప్రిల్ తీసేశాడు, టెల్మిసార్టాన్ ఉంచి వారానికి మళ్లీ రక్తం చూశాడు. పొటాషియం దిగింది. మూడు వారాలకు దగ్గు కూడా పోయింది. ప్రిల్ దగ్గు ఆపిన మర్నాడే పోదు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలు కూడా పట్టొచ్చు. అందుకే రెండురోజులు గోళీ మానేసి చూసి ‘దీనివల్ల కాదు’ అనుకోవడం తప్పు లెక్క. సార్టాన్ బ్రాడికైనిన్ జోలికి పోదు కాబట్టి దగ్గు తేవడం అరుదు.

అట్లాగని దగ్గే ప్రతివాడూ గోళీని అనుమానించి సొంతంగా మానేయకూడదు. తెమడ, జ్వరం, బరువు తగ్గడం, రక్తపు చారలు ఉంటే అది వేరే దగ్గు. దానికి టీబీ పరీక్ష, ఎక్స్‌రే కావాలి. దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన మనిషికి ప్రిల్ దగ్గు కూడా తోడవ్వొచ్చు. ప్రిల్ వేసుకునేవాళ్లకు పెదవులు, నాలుక వాస్తే మాత్రం ఆలోచించకుండా అత్యవసర విభాగానికి పరిగెత్తాలి. గర్భిణికి ప్రిల్, సార్టాన్ రెండూ పనికిరావు, అందుకే అత్త గోళీ కోడలికి సర్దే అలవాటు ప్రమాదం.

‘లోల్’ విషయంలో బాయి మనుషులకు ఇంకో జాగ్రత్త ఉంది. అటెనోలోల్, మెటోప్రోలోల్, ప్రోప్రనోలోల్ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. గుండెలో ఇవి అడ్డుకునే మీటల్లాంటివే ఊపిరి గొట్టాలు తెరుచుకోవడానికి కూడా సాయపడతాయి కాబట్టి, దమ్ము ఉన్నవాళ్లకు ఈ కుటుంబం ఆయాసం పెంచగలదు. అందులోనూ ప్రోప్రనోలోల్ ఎక్కువ, అటెనోలోల్, మెటోప్రోలోల్ తక్కువ. ఇన్‌హేలర్ వాడుతున్న మనిషి కొత్త షీటు మీద ‘లోల్’ కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు షాపులో ఆ బ్రాండు దొరకలేదని వారంపాటు మానేయడం ఇంకా చెడ్డది. హఠాత్తుగా ఆపితే గుండె వేగం, బీపీ ఒక్కసారి ఎగిసి, గుండె జబ్బున్నవాళ్లకు గుండెపోటు దాకా పోవచ్చు. అదే అసలు పేరు, అదే మోతాదున్న వేరే బ్రాండు అడిగితే షాపులో దొరుకుతుంది. కొన్ని లోల్ గోళీలు రోజంతా నెమ్మదిగా కరిగే రకంగా కూడా వస్తాయి, మార్చేటప్పుడు అది కూడా సరిపోల్చాలి.

‘డిపిన్’ అంటే అమ్లోడిపిన్, నిఫెడిపిన్, సిల్నిడిపిన్. వీటివల్ల సాయంత్రానికి చీలమండలు వాస్తే నీరు పట్టిందని అనుకుని నీళ్ల గోళీ అదనంగా వేసుకునేవాళ్లున్నారు. ఈ వాపు ఒంట్లో నీరు ఎక్కువైనందువల్ల రాదు. సన్న రక్తనాళాలు తెరుచుకుని ద్రవం బయటికి ఊరడం వల్ల వస్తుంది. నీళ్ల గోళీకి అంతగా లొంగదు. మోతాదు తగ్గించినా, పక్కన సార్టాన్ చేర్చినా తగ్గుతుంది. ఆ పని డాక్టరుది.

చివరి ముక్క చూసేటప్పుడు మొత్తం ముక్క చూడాలి. ‘పిన్’ ఒక్కటే చాలదు, మూర్ఛకు వాడే కార్బమజెపిన్ కూడా అట్లాగే ముగుస్తుంది. డి, ఐ, పి, ఐ, ఎన్, ఇ ఆరూ ఉండాలి. ‘ఓల్’ అంటే లోల్ కాదు, పారాసెటమాల్ పేరులోనూ ఓ, ఎల్ ఉన్నాయి. నీళ్ల గోళీల్లో హైడ్రోక్లోరోథయజైడ్‌కు ‘థయజైడ్’ ఉంది, అదే పని చేసే క్లోర్థాలిడోన్, ఇండపమైడ్‌లకు లేదు. కార్వెడిలోల్ చివర కూడా లోల్ ఉంది కానీ దాని ముందున్న అక్షరం వేరు, పని కొంచెం విస్తారం. కంపెనీ పేరు పక్కన ఏఎం, హెచ్, సీటీ లాంటి అక్షరాలుంటే లోపల రెండో మందు ఉందని గుర్తు. మామూలుగా ఏఎం అంటే అమ్లోడిపిన్, హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్థాలిడోన్. కానీ వాటికి చట్టం లేదు, కింద రాసిన అసలు పేర్లే ప్రమాణం.

చివర చూస్తే కుటుంబమే తెలుస్తుంది. మోతాదు తెలియదు, ఆ మనిషికి ఆ మందు ఎందుకు రాశారో తెలియదు. గుండె బలహీనంగా ఉన్నందుకు రాసిన లోల్‌ను బీపీ బాగుందని ఆపకూడదు. పెద్దమనిషి ఇప్పుడు తన మందుల బుక్కు అట్టలోపల మనవడి చేత మూడు వరుసలు రాయించుకున్నాడు: టెల్మిసార్టాన్ 40, పొద్దున ఒకటి; అమ్లోడిపిన్ 5, రాత్రి ఒకటి; రామిప్రిల్ వద్దు, దగ్గు వస్తుంది. ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా ఎర్ర గోళీ అనడు, బుక్కు తెరిచి చూపిస్తాడు.