రీలు మీద అంకెలు లేని సోల్డర్ వద్దు, బోర్డు మీద యాసిడ్ పేస్టు వద్దు

అమీర్‌పేట, పంజాగుట్టల్లో మొబైల్, లాప్‌టాప్ రిపేరింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ల యజమానులకు, అక్కడ నేర్చుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, హాస్టల్ గదుల్లో సొంతంగా బోర్డులు బాగు చేసుకుంటున్న మిత్రులకు విజ్ఞప్తి.

మనం అందరం సోల్డర్ వైరును "లెడ్" అనే పిలుస్తాం. ఆ లెడ్‌లో తగరం ఎంత, సీసం ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. కిట్‌లో ఇచ్చిన రీలు, డబ్బాలో ఉన్న పేస్టు వాడేస్తాం. చేసిన పని నిలవకపోతే "డ్రై సోల్డర్ అయింది" అని మళ్ళీ కాలుస్తాం. చాలాసార్లు లోపం చేతిలో కాదు, సరుకులో ఉంటుంది. అందుకే ఈ కరపత్రం.

హాస్టల్ గదిలోని వైఫై రౌటర్‌నే తీసుకోండి. అడాప్టర్ పిన్నును కాస్త కదిలిస్తే వెలుగుతుంది, వదిలేస్తే ఆరిపోతుంది. మూత విప్పి భూతద్దంతో చూస్తే, డీసీ జాక్ కాలు చుట్టూ టంకంలో సన్నని ఉంగరంలా పగులు కనిపిస్తుంది. చాలామంది చేసేదేమిటంటే, రేకు పనివాళ్ళు వాడే పేస్టు రాసి, పేరు లేని వైరుతో దాని మీదే ఇంకో ముద్ద పెడతారు. ఆ రోజుకి రౌటర్ వెలుగుతుంది. వానాకాలం వచ్చేసరికి జాక్ చుట్టూ పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుంటుంది, పగులు మళ్ళీ వస్తుంది.

ఇందులో తప్పులు రెండు. మొదటిది వైరుది. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న 63/37 వైరు 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా కరిగి, అక్కడే ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 కూడా దాదాపు అంతే, 190 డిగ్రీల దగ్గరే పూర్తిగా కరుగుతుంది. తగరం సీసం కంటే చాలా ఖరీదు. అందుకని చవక వైర్లలో తగరం తగ్గిస్తారు. తగరం 40 శాతానికి పడిపోతే ఆ వైరు పూర్తిగా కరగడానికి 238 డిగ్రీల దాకా కావాలి. చల్లారేటప్పుడు అక్కడి నుంచి 183 వరకు జావలాగే ఉంటుంది. ఆ సమయంలో జాక్ కాస్త కదిలినా లోపల పగులు పడుతుంది. దీన్ని కళ్ళతోనే పరీక్షించొచ్చు. కొద్దిగా వైరు కరిగించి ఐరన్ తీసేయండి. చుక్క చటుక్కున గట్టిపడి నున్నగా మెరిస్తే మంచిది. కాసేపు మెత్తగా ఉండి, గరుకుగా మసకబారితే పక్కన పెట్టేయండి.

రెండోది పేస్టుది. రేకు పనికి, పైపుల పనికి అమ్మే పేస్టుల్లో జింక్ క్లోరైడ్ ఉంటుంది. లోహం మీద మురికిని అది బాగా తినేస్తుంది, కానీ పని అయ్యాక ఆగదు. గాలిలో తేమ పీల్చుకుని రాగి గీతలను కూడా తింటూ పోతుంది. ఎలక్ట్రానిక్స్‌కు కావలసింది రోజిన్, అంటే పైన్ చెట్ల బంక నుంచి తీసేది. అది చల్లారాక గట్టిపడి ఊరుకుంటుంది. మీ డబ్బా సంగతి తెలియాలంటే ఒక ఇనుప మేకును గీకి, మీద కాస్త పేస్టును ఐరన్‌తో కరిగించి, స్నానాల గదిలో కొన్నాళ్ళు ఉంచండి. తుప్పు పడితే ఆ డబ్బా బోర్డుల దగ్గరికి రాకూడదు. పట్టకపోయినంత మాత్రాన మంచిదని కాదు, డబ్బా మీద రోజిన్ అని ఉండాలి.

ఇక అదే జాక్‌ను సరిగ్గా చేసే పద్ధతి. ఈనాటి రౌటర్ బోర్డులు ఎక్కువగా సీసం లేని సోల్డర్‌తో తయారవుతాయి. 2006 జూలై నుంచి యూరప్‌లో, తర్వాత 2011 నాటి ఈ-వ్యర్థాల నియమాలతో మన దేశంలో, కొన్ని మినహాయింపులు పోను, సీసానికి 0.1 శాతం హద్దు పెట్టారు. ఆ హద్దు వస్తువును తయారుచేసి అమ్మేవాళ్ళకు, మన ఇంట్లో రౌటర్ బాగు చేసుకోవడానికి కాదు. పాత టంకం మీద రోజిన్ ఫ్లక్స్ వేసి, ఐరన్‌ను 350 డిగ్రీల దగ్గర పెట్టి, కొంచెం 63/37 కలపండి. కలవగానే పాతది తేలిగ్గా కరుగుతుంది. దాన్ని విక్‌తో గాని పంపుతో గాని మొత్తం తీసేయండి. మళ్ళీ ఫ్లక్స్ వేసి, కాలునూ ప్యాడ్‌నూ కలిపి రెండు మూడు సెకన్లు వేడి చేసి, వైరును ఐరన్ మొనకు కాకుండా జాయింట్‌కు అందించండి. గట్టిపడేదాకా కదపొద్దు. ఐపీఏతో, పాత టూత్ బ్రష్‌తో తుడవండి. టంకం కాలును పట్టుకుని అంచు దాకా వాలుగా దిగితే అతుక్కున్నట్టు. గోళీలా ఉబ్బి కూర్చుంటే అతుక్కోనట్టు.

సీసం లేని వైరు చెడ్డదా? కాదు. ఎక్కువగా దొరికే ఎస్ఏసీ 305 రకం 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. వేడి నియంత్రణ ఉన్న స్టేషన్, వెడల్పు మొన, నేర్చిన చేయి ఉంటే దానితో వేసిన జాయింట్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అది మసకగా ఉన్నా మంచిదే, మెరుపును బట్టి తీర్పు చెప్పకూడదు. కాని 25 వాట్ల చవక ఐరన్‌తో నేర్చుకునేవాళ్ళు వేడి చాలక అక్కడే నొక్కి పట్టి ఉంచుతారు, ప్యాడ్ లేచిపోతుంది. అందుకే నేర్చుకునే చేతికి 63/37 ఇవ్వాలంటున్నాను. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో చేసేవాళ్ళు మాత్రం మంచి స్టేషన్ కొనుక్కుని సీసం లేనిదే వాడాలి.

సీసం భయం ఎక్కడుందో కూడా తెలుసుకోవాలి. 350 డిగ్రీల దగ్గర సీసం ఆవిరి కావడం లెక్కలోకి రానంత తక్కువ. పైకి లేచే పొగ ఫ్లక్స్‌ది, అది ఉబ్బసం తెస్తుంది, సీసం లేని వైరుకూ ఆ పొగ వస్తుంది. సీసం వేళ్ళ మీది నుంచి నోట్లోకి పోతుంది. సోల్డర్ చేసిన బల్ల మీదే టిఫిన్ పొట్లం విప్పే హాస్టల్ గదుల్లో అసలు ప్రమాదం ఇదే.

మొబైల్ పని చేసేవాళ్ళకు మరో మాట. 138 పేస్టులో ఉండేది బిస్మత్. సీసం ఉన్న జాయింట్ మీద దాన్ని వాడితే, తగరం, సీసం, బిస్మత్ మూడూ కలిసి 96 డిగ్రీల దగ్గరే కరిగే భాగం ఏర్పడుతుంది. మరిగే నీళ్ళ వేడి కూడా అక్కర్లేదు. పాత టంకం పూర్తిగా తీయకుండా 138 తాకించొద్దు.

కాబట్టి మా కోరికలు ఇవి:

1. ఇన్‌స్టిట్యూట్లు కిట్‌లో ఇచ్చే ప్రతి రీలు మీద మిశ్రమం అంకెలు, ఫ్లక్స్ రకం ఉండాలి. మొదటి నెలలు 63/37, రోజిన్ కోర్ వైరే ఇవ్వాలి.

2. సీసం లేని వైరుతో పనిని కోర్సు చివర్లో తప్పనిసరిగా నేర్పాలి, అందుకు తగిన స్టేషన్ మీద.

3. యాసిడ్ పేస్టు డబ్బాలను బోర్డుల బల్లల మీది నుంచి తీసేయాలి.

4. ప్రతి ల్యాబ్‌లో సబ్బు, కుళాయి, పొగను బయటికి లాగే ఫ్యాన్ ఉండాలి. బల్ల మీద తిండి ఉండకూడదు. సోల్డర్ చుక్కలు, తుడిచిన గుడ్డలు చెత్తబుట్టలో కాక మూత ఉన్న డబ్బాలో చేర్చి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి.

5. రిపేర్ షాపులు వాడిన మిశ్రమం పేరును రసీదు మీద రాయాలి. తర్వాత ఆ బోర్డు విప్పేవాళ్ళకు ఏం కలపకూడదో అప్పుడే తెలుస్తుంది.

విద్యార్థులారా, ఫీజు కట్టే ముందు రీలు చూపించమని అడగండి. కోఠిలో వైరు కొనేటప్పుడు అంకెలు లేని రీలును తిరిగి ఇచ్చేయండి. అడిగేవాళ్ళు పెరిగితే దుకాణాలు అదే సరుకు తెస్తాయి.

ఇట్లు,
అమీర్‌పేటలో బోర్డులు బాగుచేసే ఒక టెక్నీషియన్