కాయ ఎక్కడ కాసిందో ఫొటో తియ్యండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చెట్టంతా ఫ్రేములో పట్టాలని వెనక్కి వెనక్కి నడిచి తీసే ఫొటోలు ఇక చాలించండి. అవి స్టేటస్ పెట్టుకోవడానికి బాగుంటాయి. అది మర్రో, రావో, జువ్వో, మేడో తేల్చమంటే మాత్రం అలాంటి ఫొటో ముందు పెద్ద వృక్షశాస్త్రవేత్త కూడా నీళ్లు నమలాల్సిందే. ముందుకు నడవండి. కొమ్మ చేతికందేంత దగ్గరికి వెళ్లండి. ఆకు కొస, వేళ్లు, కాయ, ఈ మూడింటికీ మూడు ఫొటోలు తియ్యండి. మీ ఊరి చెట్టు పేరు మీరే చెప్పగలుగుతారు.

మొదట ఆకు. రావి ఆకుకు కొసన సన్నని తోక సాగి ఉంటుంది. మిగతా ఆకు పొడవులో అది మూడో వంతు దాకా, ఒక్కోసారి సగం దాకా వస్తుంది. తొడిమ కూడా పొడుగ్గా, సన్నగా ఉంటుంది కాబట్టే గాలి లేనట్టున్న వేళ కూడా రావి గలగలలాడుతుంది. మర్రి ఆకు దళసరి. కొస మొద్దుగా ఉంటుంది, తొడిమ పొట్టిగా లావుగా ఉంటుంది, మొదట్లోంచే లావుపాటి ఈనెలు బయలుదేరతాయి. జువ్వి ఆకు ఈ రెండింటికీ మధ్యరకం: కోలగా, నున్నగా ఉండి చివర పొట్టి మొన తేలుతుంది, తోక ఉండదు. మేడి ఆకు కూడా కొసకు సన్నబడుతుంది గానీ ఆ ఆకు మీద తరచూ ఎర్రటి బుడిపెలు కనిపిస్తాయి. వాటిని కాయలనుకునేరు! ఒక చిన్న పురుగు ఆకులో చేరడం వల్ల లేచిన బుడిపెలవి.

ఫొటోకు ఏ ఆకు పడితే ఆ ఆకు కొయ్యకండి. ముదురు రావి ఆకుల తోక గాలికి తెగిపోతుంది, ఎండిపోయి రాలిపోతుంది. అలాంటి ఆకు ఫొటోలో గుండె ఆకారం ఒక్కటే మిగులుతుంది, గుండె ఆకారపు ఆకులున్న చెట్లు చాలానే ఉన్నాయి. రెమ్మ మధ్యలో చెక్కుచెదరని ఆకు చూసుకుని, తెల్లకాగితం మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి, తొడిమ మొత్తం పడేలా తియ్యండి.

ఒక ఉదాహరణ చూద్దాం. బడి ఆవరణలో తీసిన ఫొటో, కింద ‘రావి’ అని రాసి ఉంది. ఆకు గుండె ఆకారంలోనే ఉంది. కొస మొనదేలింది గానీ తోకగా సాగలేదు. సరే, తోక తెగిందేమో అనుకుందాం. పక్క కొమ్మలో పసుపుపచ్చని గంట లాంటి పువ్వు ఉంది, దాని లోపల అడుగున ముదురెరుపు మచ్చ ఉంది. ఇంకేం చూడక్కర్లేదు, అది రావి కాదు. అది గంగరావి; పత్తి, మందారాల కుటుంబానిది. ఈ ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోండి: మర్రి, రావి, మేడి, జువ్వి చెట్లకు పువ్వు బయటికి కనబడదు. మనం కాయ అంటున్నదాని లోపలి గోడంతా చిట్టి చిట్టి పువ్వులే. వేమన పద్యం పుణ్యమా అని మేడిపండు పొట్టలో పురుగులుంటాయని మనందరికీ తెలుసు. వాటిలో ముఖ్యమైనవి ఆ పువ్వులకు పరాగం మోసుకొచ్చే చిన్న కందిరీగలు. అవి లేకపోతే మేడికి మొలకెత్తే గింజే లేదు, పాపం వాటికి దక్కింది చెడ్డపేరు! అనుమానం తీరకపోతే ఆకు తొడిమ తుంచి చూడండి. రావి నుంచి తెల్లని పాలు కారతాయి, గంగరావి ఆకు నుంచి కారవు. పాలు కళ్లకు తగలనివ్వకండి.

ఇక వేళ్లు. అందరూ నమ్మేది వీటినే, ఎక్కువగా మోసం చేసేవీ ఇవే. ఊడలుంటే మర్రి, లేకపోతే కాదు అని తీర్పు చెప్పకండి. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో చేవెళ్ల చుట్టుపక్కల రోడ్డుకు రెండు పక్కలా వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు పనులు వచ్చినప్పుడు వాటిని కాపాడాలని జనం కోర్టుల దాకా వెళ్లారు. రోడ్డువారనున్న మర్రికి ఊడలు దిగే వీలు తక్కువ. బళ్లకు అడ్డమని నరుకుతారు, అందినంత మేర పశువులు కొరుకుతాయి, కింద తారు ఉంటే వేరు పట్టే చోటే ఉండదు. అదే కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను చూడండి, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూడండి, ఊడలే మానులై అసలు మొదలేదో పోల్చుకోలేం. రెండూ మర్రిచెట్లే. తేడా వాటికి దొరికిన నేలలోనే ఉంది.

తాటిచెట్టును చుట్టేసిన వేళ్లను ఊడలనుకోవడం మరో పొరపాటు. పిట్ట రెట్టలోని గింజ తాటిమట్టల సందున మొలిచి, నేల కోసం మాను వెంట వేళ్లు దింపుతుంది. ఈ పని రావీ చేస్తుంది, మర్రీ చేస్తుంది, జువ్వీ చేస్తుంది. కాబట్టి ఫొటోలో వేరు ఎక్కడ పుట్టిందో కనబడాలి. మాను నుంచి దూరంగా, కొమ్మ మధ్యలోంచి గాలిలోకి వేలాడితేనే అది ఊడ. రావికి అలాంటివి సాధారణంగా ఉండవు. పట్నం వీధుల్లో నాటే చిన్నాకు జువ్వికి మాత్రం గడ్డంలా సన్నని కుచ్చులు వేలాడతాయి. కుచ్చు కనబడగానే మర్రి అనేయకుండా ఆకు వైపు చూడండి. మర్రి ఆకు అరచేతిని కప్పుతుంది, దీనిది రెండు వేళ్ల వెడల్పుకు మించదు.

చివరి మాట కాయది. కాయ రంగు కంటే అది ఎక్కడ అంటుకుని ఉందో ముఖ్యం. మేడి కాయలు మాను మీదా లావు కొమ్మల మీదా తొడిమలతో గుత్తులుగా వేలాడతాయి. అలా కనిపిస్తే మన ఊళ్లలో చాలావరకు మేడే. మర్రి, రావి, జువ్వి కాయలు రెమ్మల మీద ఆకు మొదట్లో, తొడిమ లేకుండా, ఎక్కువగా జంటగా కూర్చుంటాయి. వాటిలో మర్రికాయ పెద్దది, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటుంది. పైన సన్నని నూగు ఉండి, పండితే ఎర్రబడుతుంది. రావికాయ సుమారు సెంటీమీటరు ఉంటుంది, నున్నగా ఉండి, పండితే నల్లవంకాయ రంగుకు తిరుగుతుంది. జువ్వికాయ కూడా చిన్నదే, తెల్లగానో లేత గులాబీగానో చుక్కలతో ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు అన్నీ పచ్చనే, అప్పుడు రంగును పక్కనపెట్టి నూగునూ కొలతనూ పట్టుకోవాలి.

నేల మీద రాలిన పండ్లు ఏరి ఫొటో తియ్యకండి. రచ్చబండ దగ్గర రెండు మూడు చెట్ల కొమ్మలు కలిసిపోయి ఉంటాయి, గబ్బిలాలు పక్క ఊరి పండును కూడా తెచ్చి పడేస్తాయి. రెమ్మకు అంటుకుని ఉన్న కాయే సాక్ష్యం.

వెళ్లిన రోజున కాయలే లేవా? ఆకుకు తోక స్పష్టంగా ఉంటే ఫొటో కింద రావి అని రాయండి. తోక పొట్టిగా, తొడిమ ఎర్రగా ఉండి చెట్టు బండరాళ్ల మధ్య మొలిస్తే కొండరావేమోనని అనుమానపడి, ప్రశ్న గుర్తు పెట్టండి. ఇవేవీ తేలకపోతే ‘మర్రి జాతి, కాయ చూడలేదు’ అని రాసి తేదీ వెయ్యండి. ఈ చెట్లన్నీ ఒకే నెలలో కాయవు, పక్కపక్క చెట్లు కూడా ఎవరి లెక్కన అవి కాస్తాయి. నెల తర్వాత అదే కొమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లండి.