కాటుక మరక... నీళ్ళు తగలకముందే!

ఉదయగిరిలో బారసాల. ఊయల్లో వేసే ముందు పాపాయికి కళ్ళనిండా కాటుక దిద్ది, బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. ఇంట్లోనే ఆముదం దీపం మీద పట్టి, నెయ్యి కలిపి చేసిన కాటుక. వచ్చినవాళ్ళంతా ఎత్తుకుని ముద్దాడారు. చివరికి పాపాయి తల్లి భుజం మీద ముఖం ఆనించి, కళ్ళు నులుముకుంటూ నిద్రపోయింది. లేచి చూస్తే ఏముంది! అమ్మ కట్టుకున్న మీగడరంగు వెంకటగిరి నూలు చీర మీద బొటనవేలంత నల్లటి మరక. పాపాయి తెల్ల జుబ్బా మీద ఇంకోటి. ముఖం తుడిచిన తువ్వాలు సంగతి సరేసరి.

నాయనమ్మ ముందుగా జుబ్బా అందుకున్నారు. చెంబుడు నీళ్ళు పోసి, బట్టల సబ్బు రాసి, గట్టిగా రుద్దారు. బొటనవేలంత మరక అరచేయంత అయింది. నలుపు పోయి బూడిదరంగు మిగిలింది. తడిచేత్తోనే చీర కొంగు అందుకోబోతుంటే, ఆత్మకూరు నుంచి వచ్చిన అమ్మమ్మ ఆపారు.

''ఆగు వదినా, దానికి నీళ్ళు తగలనీయొద్దు. ముందు ఒక చెక్క గరిటె, కాస్త పౌడరు ఇప్పించు.''

''మరక పడితే నీళ్ళు పెట్టకుండా పౌడరు పూస్తారా ఎక్కడన్నా!'' అని నవ్వారు నాయనమ్మ. సాయంత్రానికి చీర శుభ్రమైంది. జుబ్బా మాత్రం ఇప్పటికీ బూడిదరంగే. రెండూ నూలే, రెంటికీ అంటుకున్నది ఒకే కాటుక. తేడా అంతా మొదటి అయిదు నిమిషాల్లోనే వచ్చింది.

మసిని మార్చలేం... ఎత్తాల్సిందే

టీ మరక, కూర మరక అంటే బట్టకు పట్టిన రంగు. ఆ రంగును విరగ్గొడితే మరక మాయమవుతుంది. బ్లీచింగ్ చేసేది అదే. కాటుక అలా కాదు. అందులో నల్లగా ఉన్నది దీపపు మసి, అంటే మెత్తటి బొగ్గు. అది నీళ్ళలో కరగదు, నిమ్మరసానికి లొంగదు, బ్లీచింగ్‌కు తెల్లబడదు. దాన్ని ఉన్నదున్నట్టుగా బట్ట మీంచి ఎత్తిపారేయడం ఒక్కటే మార్గం.

ఆ మసి రేణువుల్ని బట్టకు అతికించి ఉంచేది ఆముదం, నెయ్యి. కొన్న కాజల్ పెన్సిల్లో అయితే మైనం కూడా ఉంటుంది. జిడ్డును కదిలిస్తే మసి దానంతటదే కదులుతుంది. జిడ్డు ఉండగానే నీళ్ళు పోసి రుద్దితే మాత్రం, నీళ్ళు జిడ్డును కరిగించలేవు సరికదా, మన చేతి ఒత్తిడికి మసి పక్క పోగుల్లోకీ, పోగు లోపలికీ దిగిపోతుంది. జుబ్బాకు జరిగింది అదే.

చీర ఎలా తెల్లబడిందంటే...

అమ్మమ్మ మొదట చీరను బల్ల మీద పరిచి, చెక్క గరిటె అంచుతో పైన ముద్దగా ఉన్న కాటుకను మెల్లగా ఎత్తేశారు. చెక్క గరిటెలకు ఉదయగిరి పెట్టింది పేరు కనుక వాటికి ఆ ఇంట్లో కొదవలేదు. నునుపైన చెక్క అంచు నూలు పోగును కోయదు. లేనివాళ్ళు స్పూను వెనుకవైపు వాడుకోవచ్చు. ఏదైనా మరక అంచు నుంచి మధ్యకే జరపాలి. మధ్య నుంచి బయటికి జరిపితే మరక పెరుగుతుంది.

తర్వాత మరక నిండా టాల్కం పౌడరు చల్లి, వేలితో రుద్దకుండా పావుగంట వదిలేశారు. పౌడరు నూనెను పీల్చుకుంటుంది. తీసి దులిపితే బూడిదరంగులో రాలింది. మళ్ళీ కొత్త పౌడరు చల్లారు. రెండోసారి రాలిన పౌడరు దాదాపు తెల్లగా ఉంది. అంటే పైపై జిడ్డు అయిపోయిందని గుర్తు.

ఆపైన మరక కింద నాలుగు మడతలు వేసిన పాత తెల్లగుడ్డ పెట్టి, చీరను తిరగేశారు. మరక కిందివైపు, గుడ్డకు ఆని ఉండాలన్నమాట. వెనుకవైపు నుంచి గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు వేసి, వేలి కొసతో అద్దుతూ పది నిమిషాలు ఉంచారు. ఈ లిక్విడ్ చేసిందే గిన్నెల జిడ్డు వదిలించడానికి కనుక నూనెనూ మసినీ కలిపి పట్టుకుంటుంది. కింది గుడ్డ మీద నల్లటి అచ్చు పడింది. గుడ్డలో శుభ్రంగా ఉన్న చోటుకు మరకను జరిపి మళ్ళీ అద్దారు. అలా మూడుసార్లు. ఆఖరికి తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్ళు ఒక చెంబుడు, వెనుకవైపు నుంచే ధారగా పోశారు. జరీ అంచు తడవకుండా మడిచి పట్టుకున్నారు.

రంగు చీరలయితే ఈ లిక్విడ్‌ను ముందుగా లోపలి అంచున ఒక చుక్క వేసి, తెల్లగుడ్డతో అద్ది చూడాలి. గుడ్డకు చీర రంగు అంటితే ఇక ఇంట్లో ప్రయత్నించకుండా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడమే మేలు. పట్టుచీరకయితే గరిటె, పౌడరు వరకే మన పని.

ఒక్కటి మాత్రం మరవకూడదు. మరక పూర్తిగా పోయిందని తేలేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానీయకండి. వేడికి నూనె, మైనం కరిగి, మసిని వెంటబెట్టుకుని పోగు లోపలికి ఇంకుతాయి.

పెన్సిల్, ఐలైనర్, సుర్మా

ముల్లును ముల్లుతోనే తీయాలి. కాజల్ పెన్సిల్ మరకలో మైనం ఎక్కువ కనుక పౌడరు ఒక్కటే చాలదు. దూదికి రెండు చుక్కలు కొబ్బరినూనె అద్ది మరక మీద ఒత్తితే మైనం మెత్తబడుతుంది. అయిదు నిమిషాల తర్వాత లిక్విడ్‌తో పైన చెప్పినట్టే అద్దాలి. కొబ్బరినూనె పెట్టి లిక్విడ్ మానేస్తే మాత్రం నల్లమరక స్థానంలో నూనెమరక మిగులుతుంది.

నీళ్ళకు చెదరని ఐలైనర్ ఆరాక సన్నటి పొరలా అతుక్కుంటుంది. ముఖం మీంచి దాన్ని తీయడానికి వాడే, రెండు పొరలుగా ఉండి కుదిపితే కలిసే మేకప్ రిమూవరే బట్టకూ పనికొస్తుంది. దాన్ని దూదితో అద్ది, ఆపైన లిక్విడ్ వాడాలి.

సుర్మా దారి వేరు. అది పొడి కనుక జిడ్డు తక్కువ. బట్టను ఆరుబయట దులిపితే చాలావరకు రాలిపోతుంది. తడిపితేనే పట్టుకుంటుంది. సంప్రదాయ సుర్మాలో సీసం ఉండే రాతిపొడి వాడతారు కాబట్టి నోటితో ఊదకూడదు. దులిపాక చేతులు కడుక్కోవాలి. పసిపిల్లల కళ్ళకు సుర్మా అయినా, కాటుక అయినా వద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు. దిష్టిచుక్క అరికాలిన పెట్టినా దిష్టి తగలదు, భుజం మీద చీరకూ అంటదు.

సబ్బు నురగ రాని నీళ్ళు

జుబ్బా బూడిదరంగుకు రుద్దడం ఒక్కటే కారణం కాదు. నీళ్ళు కూడా. ఉదయగిరి వైపు మెట్టప్రాంతం, ఎక్కువగా బోర్ల మీదే ఆధారం. అక్కడి నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, ఉతుకుడుకు అడ్డొచ్చేది అది కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇవి బట్టల సబ్బుతో కలిస్తే నీళ్ళలో కరగని తెల్లటి తెట్టు కడుతుంది. వదిలిన మసిని ఆ తెట్టు పట్టుకుని మళ్ళీ బట్ట మీదే కూర్చోబెడుతుంది. తెల్లబట్టలు నెలలు గడిచేకొద్దీ మాసిన రంగుకు తిరగడం వెనుక ఉన్నది ఇదే.

ఒకే ఊళ్ళో రెండు బోర్ల నీళ్ళు కూడా ఒకలా ఉండవు. మీ నీళ్ళ సంగతి మీరే తేల్చుకోవచ్చు. సీసాలో సగం నీళ్ళు పోసి, గోరంత బట్టల సబ్బు తురుము వేసి బాగా కుదపండి. నిలిచి ఉండే నురగ వస్తే మంచినీళ్ళు. నురగ రాకుండా నీళ్ళు తెల్లగా మారి, పైన విరిగిన పాలలా తెట్టు కడితే ఉప్పునీళ్ళు.

అలాంటి నీళ్ళున్న ఇంట్లో కాటుక మరకకు బట్టల సబ్బు వాడకండి. మరక ఉన్న చోటు కడగడానికి రెండు చెంబుల క్యాన్ నీళ్ళో, పట్టి ఉంచిన వాననీళ్ళో చాలు. బకెట్ నిండా కావాలంటే, సగం బకెట్ నీళ్ళలో ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి పావుగంట కదపకుండా ఉంచండి. లవణాలు తెల్లగా అడుక్కు దిగుతాయి. పైన తేరిన నీళ్ళు వంపుకుని వాడండి. సోడా నూలుకే. పట్టుకూ, జరీకీ, ఉన్నికీ తగలకూడదు.

తువ్వాలు ఎందుకు మొండికేస్తుంది?

ముఖం తుడుచుకునే టర్కీ తువ్వాలు నిండా పోగుల ఉచ్చులే. మసి వాటి మొదట్లోకి దిగి కూర్చుంటుంది. పైగా తువ్వాలు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందుకే ముందు నీడన పూర్తిగా ఆరనివ్వాలి. ఆరాక మరక మీద లిక్విడ్ వేసి, మెత్తబడిన పాత టూత్‌బ్రష్‌తో పోగులు వాలిన వైపుకే నిదానంగా దువ్వాలి. పావుగంట తర్వాత, చేయి పెడితే చురుక్కుమనేంత వేడినీళ్ళలో డిటర్జెంట్ పొడి, ఒక చెంచా చాకలి సోడా వేసి అరగంట నానబెట్టాలి. చీరకు వేడి వద్దని చెప్పి తువ్వాలుకు ఎందుకంటే, ఇక్కడ డిటర్జెంట్ ముందే జిడ్డును పట్టుకుని ఉంటుంది, వేడి దాన్ని నీళ్ళలోకి లాగుతుంది. ఈ బకెట్లో వేరే తెల్లబట్టలు వేయకూడదు.

ఎంతవరకు ప్రయత్నించాలి? తడి తెల్లగుడ్డకు ఒక చుక్క లిక్విడ్ అద్ది మరక మీద ఒత్తి చూడండి. గుడ్డకు నలుపు అంటుతుంటే ఇంకా వస్తుందని అర్థం, మళ్ళీ మొదలెట్టండి. గుడ్డ తెల్లగానే ఉండి తువ్వాలు మీద బూడిద నీడ మిగిలితే మసి పోగు లోపల చిక్కుకుందన్నమాట. ఇక ఎంత రుద్దినా పోగే అరుగుతుంది. బ్లీచింగ్ పోస్తే తువ్వాలు చివుకుతుంది తప్ప మసి తెల్లబడదు. మిగిలింది పసుపుపచ్చ నీడ అయితే మాత్రం అది పాత నూనె. ఇంకోసారి లిక్విడ్, వేడినీళ్ళతో పోతుంది.

అసలు తువ్వాలు దాకా రానీయకపోవడం అన్నిటికంటే సులువు. రాత్రి ముఖం కడిగే ముందు దూదికి ఒక చుక్క కొబ్బరినూనె అద్ది, మూసిన రెప్పల మీద నిమిరితే కాటుక దూదికే వచ్చేస్తుంది.

ఉదయగిరి నాయనమ్మ ఇప్పుడు ఊయల పక్కన ముదురు నీలం చేతిగుడ్డ ఒకటి వేలాడదీశారు. పాపాయిని ఎవరు ఎత్తుకున్నా ముందు అది భుజాన వేసుకోవాల్సిందే!